కేక్ అంచు కత్తిలా తేలాలంటే

నేను డబ్బు తీసుకుని చేసిన మొదటి కేక్‌ని మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, వంటింట్లో, ఫ్యాన్ కింద నిలబడి నున్నగా చేయబోయాను. క్రీమ్‌ని చదును చేసే రేకు, అదే స్క్రేపర్, పెట్టి ఒక చుట్టు తిప్పేసరికి ఒకవైపు క్రీమ్ జారి బోర్డు మీద కుప్పపడింది. ఇంకోవైపు గాలికి ఆరిపోయి పొరలా లేచి వచ్చింది. ఇక చేసేదేం లేక చుట్టూ చాక్లెట్ తురుము అద్ది పరువు దక్కించుకున్నాను. నాకు చెయ్యి తిరగలేదనే అప్పట్లో అనుకున్నాను. తర్వాత తెలిసింది, పైన కనపడే ఆ పదునైన అంచులో చేతి పనితనం వాటా తక్కువేనని. లోపల లేయర్లు సమంగా ఉన్నాయా, కేక్ చల్లబడిందా, క్రీమ్ సరైన మెత్తదనంలో ఉందా అన్న మూడింటి మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఒక్క కేక్‌నే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. 7 అంగుళాల గుండ్రటి కేక్, మూడు లేయర్లు, పైన బటర్‌క్రీమ్. హైదరాబాద్‌లో ఇంటి దగ్గర కేకులు చేసేవాళ్లకు ఎక్కువగా వచ్చే సైజులు దీనికి అటూ ఇటూ ఉంటాయి కాబట్టి లెక్కలు మార్చుకోవడం కష్టం కాదు.

స్క్రేపర్ కొనేముందు

బేగంబజార్‌లో గిన్నెల కొట్ల మధ్య తిరిగితే బేకింగ్ సామాను దొరుకుతుంది. కేక్‌ని తిప్పే టర్న్‌టేబుల్, క్రీమ్ రాసే ప్యాలెట్ నైఫ్, క్రీమ్ పిండే పైపింగ్ బ్యాగ్, స్క్రేపర్ ఉంటే ఈ పనికి చాలు. ఇంట్లో పొడవాటి బ్రెడ్ కత్తి లేకపోతే అదీ తీసుకోండి. పళ్లు ఉన్న కత్తే కావాలి, మామూలు కత్తి కేక్‌ని కోయదు, నలిపేస్తుంది.

స్క్రేపర్ విషయంలో మాత్రం కొట్లోనే కాస్త టైమ్ పెట్టండి. పిండి ముద్దలు కోసే స్టీల్ బెంచ్ స్క్రేపర్ సాధారణంగా 15 సెంటీమీటర్ల పొడవుంటుంది. మనం దాన్ని నిలువుగా పట్టుకుంటాం కాబట్టి ఆ పొడవే మన కేక్ ఎత్తుకి హద్దు. మన కేక్ 13 సెంటీమీటర్లు దాటదు, సరిపోతుంది. దాన్ని కౌంటర్ మీద నిలువుగా నిలబెట్టి చూడండి. కొన్నింటికి పిడి బ్లేడు కంటే కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అలాంటిది బోర్డు మీద ఆనదు, ఎప్పుడూ వాలిపోతూనే ఉంటుంది. మూలలు గుండ్రంగా ఉన్నదీ వద్దు, కేక్ అడుగున క్రీమ్ ఒక గట్టులా మిగిలిపోతుంది. బ్లేడు మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగండి, ఎక్కడైనా తగిలితే పక్కన పెట్టేయండి. ఆ చిన్న గాటే రేపు మీ కేక్ చుట్టూ గీత గీస్తుంది.

పిల్లల జామెట్రీ బాక్స్‌లోని మూలమట్టం కూడా ఒకటి శుభ్రంగా కడిగి దగ్గర పెట్టుకోండి. నా దగ్గర మా అబ్బాయిది పర్మనెంటుగా వంటింటి డ్రాయర్‌లోనే ఉంటుంది.

లేయర్లు సమం చేయడం

కేక్ మధ్యలో ఉబ్బడం తప్పేం కాదు. టిన్ను అంచు ముందుగా వేడెక్కి పక్కలు తొందరగా గట్టిపడతాయి, నడుమ పిండి అప్పటికి ఇంకా పొంగుతూనే ఉంటుంది. టిన్ను చుట్టూ తడిపి పిండిన పాత టవల్ పట్టీ చుడితే పక్కలు నెమ్మదిగా వేడెక్కి ఉబ్బు తగ్గుతుంది. అయినా కొంచెం ఉంటుంది, దాన్ని కోసేయాల్సిందే.

వేడి కేక్‌ని కోయకండి. గోరువెచ్చగా ఉన్నా వద్దు. పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్మ్ చుట్టి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి పెట్టి పొద్దున తీస్తే ఇంకా మంచిది. చల్లబడ్డ కేక్ బిగుసుకుంటుంది, రాలే పొడి సగానికి సగం తగ్గుతుంది.

ఇప్పుడు మూడింటిలో అన్నిటికంటే పొట్టి లేయర్ ఏదో చూసి, దాని పక్క గోడ ఎత్తు స్కేలుతో కొలవండి. మన కేక్‌లో అది 3.5 సెంటీమీటర్లు అనుకుందాం. మూడు లేయర్లకీ అదే ఎత్తు. టర్న్‌టేబుల్ మీద లేయర్ పెట్టి, చుట్టూ ఎనిమిది చోట్ల సరిగ్గా 3.5 సెంటీమీటర్ల ఎత్తులో టూత్‌పిక్‌లు గుచ్చండి. కొద్దిగా బయటికి కనపడేలా ఉండాలి. కత్తిని ఆ పుల్లల మీద ఆనించి, ముందు లోపలికి అర సెంటీమీటరు మాత్రమే దిగేలా చుట్టూ గాటు పెట్టండి. కత్తి పట్టిన చెయ్యి కదలకూడదు, రెండో చేత్తో టేబుల్‌ని తిప్పాలి. గాటు మొదలైన చోటికే వచ్చి కలిస్తే చేతులు సరిగ్గా ఉన్నట్టు. కలవలేదంటే కత్తి వాలింది, ఇంకా అర సెంటీమీటరే కాబట్టి సరిదిద్దుకోవచ్చు. కలిశాక అదే గాటులో రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, టేబుల్ తిప్పుతూ నడుమ దాకా వెళ్లండి. కిందికి నొక్కకండి. కోసేటప్పుడు వంగి, కళ్లు కత్తి ఎత్తుకి తెచ్చుకోండి. పైనుంచి చూస్తూ కోసినవాళ్లకి దూరపు అంచు ఎప్పుడూ పల్లంగానే వస్తుంది.

పుల్లలు ఎనిమిది గుచ్చితే ఎనిమిదీ లెక్కపెట్టి తీయండి. ఒకటి లోపలే విరిగి ఉండిపోతే అది కేక్ తినే పిల్లల నోట్లోకి పోతుంది.

కోసిన పైముక్కలు ఏం చేయాలో నేను చెప్పక్కర్లేదు, ఇంట్లో వాళ్లు వాసనకే వచ్చేస్తారు.

క్రీమ్, గది

ఈ సైజుకి లేయర్ల మధ్య పావు కిలో, కేక్ పొడిని పట్టి ఉంచే పల్చటి మొదటి పూత క్రంబ్ కోట్‌కి 200 గ్రాములు, పై కోటుకి అర కిలో పైచిలుకు పడుతుంది. స్క్రేపర్‌తో తీసేది కూడా కలుపుకుని 1,100 గ్రాములు చేసుకుంటే టెన్షన్ ఉండదు. ఉప్పు లేని వెన్న 400 గ్రాములు, ఐసింగ్ షుగర్ 700 గ్రాములు, పాలు రెండు మూడు స్పూన్లు, చిటికెడు ఉప్పు. షుగర్ తప్పకుండా జల్లించండి. ఒక్క ఉండ మిగిలినా అది స్క్రేపర్ కింద చిక్కుకుని చుట్టంతా గీత పెడుతుంది.

బీటర్‌తో తెల్లగా పొంగేలా కొట్టాక అక్కడితో ఆపేస్తే గాలి బుడగలు లోపలే ఉండిపోతాయి, నున్నగా చేసినప్పుడు సూది గుచ్చినట్టు చిల్లులుగా బయటపడతాయి. చివరి రెండు నిమిషాలు బీటర్‌ని అతి తక్కువ స్పీడులో నడపండి. ఆ తర్వాత గరిటెతో గిన్నె గోడకి క్రీమ్‌ని అదిమి అదిమి కలపండి, దోసె పిండిలో ఉండలు చిదిమినట్టు. బుడగలు చిట్లే చప్పుడు వినపడుతుంది.

ఇక మన ఊరి అసలు సమస్య, వేడి. ఈ క్రీమ్ 21 నుంచి 24 డిగ్రీల మధ్య చెప్పిన మాట వింటుంది. 27 దాటితే జారడం మొదలవుతుంది. వేసవిలో మన వంటిళ్లు ఆ లెక్కలోకే రావు. కాబట్టి పని పడకగదిలోకి మార్చండి. ఏసీ 22లో పెట్టి అరగంట ముందే వేసి, టేబుల్, బోర్డు, గిన్నె అన్నీ అక్కడే చల్లబడనివ్వండి. సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఆపేయాలి. చక్కెర ఎక్కువున్న ఈ క్రీమ్‌కి గాలి తగిలితే నాలుగైదు నిమిషాల్లో పైన పొర కడుతుంది, దాని మీద స్క్రేపర్ లాగితే చిరిగిపోతుంది. ఏసీ గాలి కూడా నేరుగా కేక్ మీదికి రాకుండా రెక్కలు పైకి తిప్పండి. నా మే నెల కేక్ ఒకవైపు జారి, ఇంకోవైపు చిరగడానికి కారణాలు ఇవే.

పేర్చడం, క్రంబ్ కోట్

10 అంగుళాల బోర్డు నడుమ చెంచాడు క్రీమ్ రాసి మొదటి లేయర్ అతికించండి. చక్కెర పాకం చల్లాలనుకుంటే కొద్దిగానే. తడి ఎక్కువైతే పైకోటు పట్టు వదిలేస్తుంది. ఒక్కో లేయర్ మీద 125 గ్రాముల క్రీమ్ తూచి వేయండి, అందాజాగా వేస్తే ఒకటి లావుగా ఒకటి పల్చగా వస్తుంది. మూడో లేయర్‌ని తలకిందులుగా పెట్టండి. టిన్ను అడుగున కాలిన ఆ వైపు చదరంగా, కొనలు పదునుగా ఉంటుంది, పొడి కూడా రాలదు. పై అంచుకి అదే పునాది.

క్రీమ్ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే పక్కనుంచి మూలమట్టం ఆనించి చూడండి. ఎక్కడైనా లేయర్ బయటికి వచ్చి ఉంటే రెండు అరచేతులతో లోపలికి జరపండి. తర్వాత పైన ఒక స్టీలు పళ్లెం బోర్లించి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. లేయర్ల మధ్య ఇరుక్కున్న గాలి పోయి, కేక్ తన బరువుకి తాను కుదురుకుంటుంది. ఈ గంట ఎగ్గొడితే, మీరు ఎంతో నున్నగా చేసిన కేక్‌కి మర్నాడు నడుమ నుంచి బొజ్జ వస్తుంది. దానికి స్క్రేపర్ ఏమీ చేయలేదు.

క్రంబ్ కోట్‌కి 200 గ్రాముల క్రీమ్ విడిగా చిన్న గిన్నెలోకి తీసుకోండి. పొడి అంటిన ప్యాలెట్ నైఫ్ పెద్ద గిన్నెలోకి మళ్లీ వెళ్లకూడదు, అందుకే ఈ ఏర్పాటు. ముందు లేయర్ల మధ్య సందులు నింపండి. తర్వాత చుట్టూ, పైన పల్చగా రాసి స్క్రేపర్‌తో లాగేయండి. క్రీమ్ చాటున కేక్ రంగు కనపడుతూ ఉండాలి. అందం గురించి ఇక్కడ ఆలోచించకండి, గోడ నిటారుగా ఉందా లేదా అన్నదే చూడండి. మూలమట్టం బోర్డు మీద నిలబెట్టి నాలుగు వైపులా తాకించండి. పైన సందు కనపడితే మీ మణికట్టు లోపలికి వాలుతోందన్నమాట. దాదాపు అందరికీ ఇదే వాలు ఉంటుంది.

తర్వాత అరగంట ఫ్రిజ్. వేలితో తాకితే అంటకూడదు, అంతవరకూ ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టి తొందరపడకండి. మరీ గడ్డకట్టిన కేక్ మీద పైకోటు రాయగానే క్రీమ్ బిగుసుకుపోయి స్క్రేపర్ కింద ముక్కలు ముక్కలుగా లేస్తుంది.

పై కోటు

మా ఎదురు అపార్ట్‌మెంట్‌కి ప్లాస్టరింగ్ జరిగినన్నాళ్లూ బాల్కనీలోంచి చూస్తూ ఉండేదాన్ని. మేస్త్రీ తాపీతో మాలు విసిరి కొట్టేవాడు, కావలసినదానికంటే ఎక్కువే. తర్వాత పొడవాటి బద్ద పెట్టి సర్రున లాగేవాడు. పల్లం ఉన్నచోట మళ్లీ కొట్టి మళ్లీ లాగేవాడు. ఒకరోజు కిందికి దిగినప్పుడు, అంత మాలు వేస్ట్ కాదా అని అడిగాను. "తక్కువ కొడితే గుంతలు తేల్తయమ్మా. ఎక్కువ కొట్టాలె, బద్దతోని తీసెయ్యాలె," అన్నాడు. నేను అప్పటిదాకా పొదుపుగా రాసి, దాన్నే నున్నగా చేయాలని గంటలు గంటలు తిప్పేదాన్ని.

ముందు పైభాగం. 150 గ్రాముల క్రీమ్ వేసి ప్యాలెట్ నైఫ్‌తో చదరం చేయండి, అంచు దాటి కొద్దిగా బయటికి వేలాడనివ్వండి. తర్వాత పక్కలు. పైపింగ్ బ్యాగ్‌లో నింపి, వేలి లావు పట్టీలు కింది నుంచి పైదాకా ఒకదాని మీద ఒకటి చుట్టండి. నైఫ్‌తో రాయడం కంటే మందం సమంగా వస్తుంది. చివరి పట్టీ కేక్ పైభాగం కంటే ఎత్తుగా ఉండాలి. ఈ అదనపు ఎత్తు లేకపోతే పదునైన అంచు రానేరాదు, గుండ్రంగా జారిన భుజాలే వస్తాయి. నైఫ్‌తో ఒకసారి పట్టీలన్నీ కలిపేయండి.

ఇప్పుడు స్క్రేపర్. అడుగు బోర్డు మీద గట్టిగా ఆనాలి, బ్లేడు అంచు క్రీమ్‌ని తాకాలి, బ్లేడు వెడల్పు కేక్‌కి 45 డిగ్రీల వాలులో ఉండాలి. కేక్‌కీ బ్లేడుకీ మధ్య ఏర్పడే ఇరుకు సందులోకి క్రీమ్ వచ్చి చేరేలా టేబుల్ తిప్పండి. దిశ మారిస్తే బ్లేడు క్రీమ్‌లోకి తవ్వుకుపోతుంది. స్క్రేపర్ పట్టిన మోచేతిని పొట్టకి ఆనించుకోండి, ఆ చెయ్యి ఇక కదలకూడదు. రెండో చేతిని టేబుల్ మీద వీలైనంత వెనక్కి పెట్టి ఒకే ఊపులో పూర్తి చుట్టు తిప్పండి. మధ్యలో ఆపితే ఆపినచోట నిలువు గీత పడుతుంది.

ఒక చుట్టుకి బ్లేడు నిండుతుంది. తీసి, గిన్నె అంచుకి క్రీమ్ తుడిచి, తడిగుడ్డతో బ్లేడు శుభ్రం చేసి అప్పుడే రెండోది. ప్రతి చుట్టుకీ ఇదే. మొదటి రెండు చుట్ల తర్వాత పల్లాలు బయటపడతాయి. స్క్రేపర్‌ని ఇంకా లోపలికి నొక్కి వాటిని అందుకోవాలని చూడకండి, కేక్ బయటపడుతుంది. పల్లంలో క్రీమ్ అద్ది మళ్లీ లాగండి. ఐదారు చుట్లలో గోడ తేలాలి. పది దాటుతోందంటే క్రీమ్ వేడెక్కింది, లేదా ఆరిపోయింది. కేక్‌ని పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, గిన్నెలో క్రీమ్‌ని మళ్లీ అదిమి కలుపుకోండి.

గోడ నున్నబడేసరికి పైన చుట్టూ క్రీమ్ ఒక గట్టులా లేచి నిలబడుతుంది, అర సెంటీమీటరు ఎత్తున, చివర్లు గరుకుగా. అది కనపడిందంటే పని దారిలో ఉన్నట్టే. దాన్ని తీయడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. క్రీమ్ మెత్తగా ఉండగానే ప్యాలెట్ నైఫ్‌ని పడుకోబెట్టి, బయటి నుంచి నడుమకి చిన్న చిన్నగా లాగడం ఒకటి. ప్రతి లాగుడుకీ నైఫ్ తుడవాలి. చల్లటి ఊళ్లలో ఇది హాయిగా వస్తుంది. మన దగ్గర నాకు రెండోదే నచ్చుతుంది. కేక్‌ని 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, గట్టు బిగుసుకున్నాక, పదునైన కత్తిని వేడినీళ్లలో ముంచి పొడిగా తుడిచి, పైభాగానికి సమాంతరంగా గట్టుని కోసేయడం. వెన్న ముక్క కోసినట్టు తెగుతుంది, అంచు అక్కడే తయారవుతుంది. లోపలికి కొద్దిగా మెట్టు కనపడితే చెంచాడు క్రీమ్‌తో నింపి, నైఫ్‌తో అంచు నుంచి నడుమకే లాగండి. నడుమ నుంచి అంచుకి లాగితే కష్టపడి కోసిన కొన మళ్లీ బయటికి పొంగుతుంది.

మిగిలిన సూది చిల్లులకి ఇలా చేయండి. రెండు స్పూన్ల క్రీమ్‌ని మైక్రోవేవ్‌లో ఐదు సెకన్లు పెట్టి కలిపితే పేస్టులా అవుతుంది. చల్లటి కేక్ మీద చిల్లులున్న చోట దాన్ని పల్చగా రాసి, స్క్రేపర్‌ని వేడినీళ్లలో ముంచి, నీటి చుక్క లేకుండా తుడిచి, ఒకే ఒక్క చుట్టు తిప్పండి. రెండో చుట్టుకి ఆశపడితే వెన్న కరిగి పసుపు చారలు తేలతాయి.

విప్పింగ్ క్రీమ్‌తో చేసేవాళ్లకి ఒక మాట. డబ్బాలో వచ్చే ఆ క్రీమ్ ఫ్రిజ్‌లో వెన్నలా గట్టిపడదు, కాబట్టి గట్టుని కోసే పద్ధతి దానికి పనికిరాదు. మెత్తగా ఉండగానే లోపలికి లాగాలి, అది కూడా మూడు నాలుగు చుట్లలోనే. ఎక్కువసార్లు తాకితే విరిగినట్టు గరుకుగా మారుతుంది. అంచు పదును బటర్‌క్రీమ్ అంత రాదు, ఆర్డర్ ఇచ్చేవాళ్లకి ఆ సంగతి ముందే చెప్పడం నయం.

తయారైన కేక్‌ని కనీసం రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా ఉన్నప్పుడే డబ్బాలో పెట్టి పంపండి. కారులో సీటు మీద కాకుండా కింద కాళ్ల దగ్గర పెట్టమనండి, సీటు వెనక్కి వాలి ఉంటుంది. ఎల్బీనగర్ నుంచి కొండాపూర్ దాకా ఆ వాలులో వెళ్లిన కేక్ దిగేసరికి ఒకవైపు ఒరిగి ఉంటుంది. తినే ముందు ఏసీ గదిలో ఓ ముప్పావు గంట బయట పెడితే వెన్న మెత్తబడుతుంది. వానాకాలంలో ఫ్రిజ్ నుంచి తీయగానే కేక్‌కి చెమట పడుతుంది. ఎవరో ఒకరు టిష్యూ పేపర్ పట్టుకుని దగ్గరికి వస్తారు, రానివ్వకండి. తాకకుండా వదిలేస్తే దానంతట అదే ఆరిపోతుంది.